అనంతపురం ఇంటి వాలు కప్పు: 3డి మోడల్ చేసేవారికి నిర్మాణ వివరణ

అనంతపురం శివారులో, బళ్లారి రోడ్డు వైపు కడుతున్న ఇంటి కప్పు గురించి ఈ వివరణ. ఇంటి పడమటి భాగం స్లాబు కట్టడం, తూర్పు భాగం వాలు కప్పు. ముందు పంపిన బొమ్మలో బూడిదరంగు పలక మీద సమాన దూరంలో గీతలు గీసినట్టుంది, రేకు కనిపించలేదు. రేకుకు మందం ఉంది, మడత ఉంది, ఒక ముక్క ఆగి ఇంకో ముక్క మొదలయ్యే చోటుంది. ఇంటివాళ్లు చూసి డబ్బు పెట్టేది ఈ బొమ్మను నమ్ముకునే. ఫిట్టరు చేతిలో పెట్టినా నిలిచేలా ఉండాలి. అందుకే టెక్స్చర్ అతికించకుండా, కింద చెప్పినట్టు ముక్కముక్కగా మోడల్ చేయండి.

కొలతలు. కప్పు రెండు వాలులు పైన కలిసే గీత, అంటే రిడ్జ్, తూర్పు పడమరలుగా 12.6 మీటర్లు. వాలు 15 డిగ్రీలు, రిడ్జ్ నుంచి చూరు దాకా వాలు వెంట 6 మీటర్లు. దక్షిణం వైపు సరిగ్గా మధ్యలో 3.6 మీటర్ల వెడల్పు పోర్చ్, చూరు దాటి 1.8 మీటర్లు ముందుకు వస్తుంది. దాని కప్పు కూడా 15 డిగ్రీలే, చూరు ఎత్తు రెండింటికీ ఒకటే. పడమటి చివర స్లాబు గది గోడ రిడ్జ్ కంటే 1.2 మీటర్లు పైకి లేస్తుంది.

రేకు 0.6 మి.మీ. అల్యూమినియం జింక్ పూత ఉన్న స్టీలు, పైన లేత బూడిద రంగు. మేలో ఇక్కడ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, ముదురు రంగు వేస్తే కింద గది కాలిపోతుంది. బొమ్మలో కూడా అందం కోసం నలుపు చేయొద్దు.

షీట్ ఒక్కొక్కటి 450 మి.మీ. కవర్ చేస్తుంది, పక్కపక్క షీట్ల అంచులను నిలబెట్టి కలిపి మడిచే సీమ్ ఎత్తు 38 మి.మీ. 12.6 మీటర్లను 450తో భాగిస్తే 28 వస్తుంది కదా అని తూర్పు అంచు నుంచి పరుచుకుంటూ పోతే ఒక సీమ్ నేరుగా పోర్చ్ రిడ్జ్ తగిలే మొనలో పడుతుంది. పోర్చ్ కప్పు, పెద్ద కప్పు కలిసే పల్లపు గీతలు, అంటే రెండు వ్యాలీలు, కలిసే ఆ మొనలో నాలుగైదు మడతల మందాన్ని కూర్చి నీరు దిగకుండా చేయడం చాలా కష్టం. అందుకని లేఅవుట్ పోర్చ్ మధ్య గీత నుంచి మొదలుపెట్టాం. మధ్య షీట్ నడుమ ఆ గీత మీద ఉంటుంది, దానికి అటూ ఇటూ 13 పూర్తి షీట్లు, రెండు చివర్లలో 225 మి.మీ. సగం షీట్లు. మొత్తం 29. పడమటి నుంచి `PAN_S_01` మొదలు `PAN_S_29` దాకా పేర్లు పెట్టండి. మధ్యది 15. వ్యాలీ కోసేవి 11 నుంచి 19 వరకు, మిగతావి నిండు పొడవు. వ్యాలీ అడుగు 11వ, 19వ షీట్ల నడుమ పడుతుంది, సీమ్ మీద పడదు. ఉత్తరం వాలు కూడా ఇదే లెక్క, సీమ్‌లు రిడ్జ్ దగ్గర ఎదురెదురుగా రావాలి.

పోర్చ్ వాలుల్లో ముందు అంచున 225 సగం షీట్‌తో మొదలుపెట్టండి, ఒక్కో వైపు 9 ముక్కలు. రెండు కప్పుల వాలు ఒకటే గనుక, పోర్చ్ సీమ్‌లూ పెద్ద కప్పు సీమ్‌లూ వ్యాలీ మీద ఒకదానికొకటి ఎదురుగా వచ్చి ఆగుతాయి. ఇది కుదరకపోతే లెక్క ఎక్కడో తప్పిందని అర్థం, ఆ వ్యాలీని వదిలేసి ముందుకు వెళ్లొద్దు.

ఇక సీమ్. నలుచదరపు కర్రలా మోడల్ చేస్తే అది ప్లాస్టిక్ బీడింగులా కనిపిస్తుంది. కాండం రెండు రేకుల మందం, మధ్యలో క్లిప్పు, అంతా కలిపి 3 మి.మీ. లోపే. తల మాత్రం పొరమీద పొర మడిచి నొక్కింది, 10 మి.మీ. వెడల్పు. ఆ తల రెండు వైపులా సమానంగా ఉండదు, ఒకవైపే వాలి ఉంటుంది. జూన్, జులైలో ఇక్కడ పడమటి గాలి గట్టిగా కొడుతుంది, అందుకే తలలన్నీ తూర్పు వైపు మడవాలి. ఒక్కటి కూడా పడమటికి తిరగకూడదు. మడతల అంచులకు 1 మి.మీ. గుండ్రం ఇవ్వండి. పొద్దుటి ఎండ ఆ గుండ్రం మీద సన్నని వెలుగు గీతై మెరుస్తుంది, కత్తిలాంటి మూలలో ఆ గీత పుట్టదు.

షీట్ మైదానంలో స్క్రూ ఒక్కటి కూడా కనిపించకూడదు. క్లిప్పులు సీమ్ లోపల దాగి ఉంటాయి. వరుసగా స్క్రూ తలలు వేస్తే అది గోదాము మీద వేసే మామూలు ప్రొఫైల్ షీట్ అవుతుంది, ఇది కాదు. స్టీలు వేడికి సాగుతుంది: రాత్రి 20 డిగ్రీలు, మధ్యాహ్నం రేకు మీద 70 అనుకుంటే 6 మీటర్ల షీట్ 3.6 మి.మీ. పెరుగుతుంది. షీట్‌ను రిడ్జ్ దగ్గర గట్టిగా బిగించి, చూరు వైపు జరగనిస్తారు. ఆ జరుగుడు కోసమే చూరు మడతలో 12 మి.మీ. ఖాళీ ఉంచాం, దాన్ని మూసేయొద్దు.

షీట్ చదునుగా ఉన్నా అద్దంలా ఉండదు. 300 నుంచి 600 మి.మీ. దూరంలో 1 మి.మీ. ఎత్తుపల్లాలు సహజం, వాటి వల్లే ప్రతిబింబం వంకరపోతుంది. అంతకంటే ఎక్కువ ఇస్తే పని చెడ్డదిగా కనిపిస్తుంది. ముఖ్యంగా, ఒకే నాయిస్‌ను కప్పంతటి మీదా పరచొద్దు. అల సీమ్‌ను దాటి పక్క షీట్‌లోకి పాకిందంటే అక్కడ సీమ్ లేనట్టే లెక్క. ఒక్కో షీట్‌కు వేరే విలువ ఇవ్వండి.

చూరు దగ్గర షీట్ గోడ అంచున కోసేసినట్టు ఆగదు. ముందు చూరు రేకు వస్తుంది, దాని కింది అంచు బయటికి వంగి ఉంటుంది. షీట్ కింది కొస 25 మి.మీ. మడిచి ఆ అంచుకు కొక్కెంలా తగిలిస్తారు. సీమ్ చివర కూడా తెరిచి ఉండదు, ఒక చిన్న నాలుకను మడిచి మూస్తారు. దగ్గర షాట్‌లో ఇది తప్పక కనిపిస్తుంది. తెరిచి ఉంచితే సీమ్‌లో కందిరీగలు గూడు కడతాయి, గాలివానకు నీరు పైకి ఎక్కుతుంది.

రిడ్జ్ క్యాప్ అటూ ఇటూ 150 మి.మీ. కప్పుతుంది. అది షీట్‌కు అంటుకుని ఉండదు, సీమ్ ఎత్తు మేర, అంటే 38 మి.మీ. పైన తేలుతుంది. కింద సీమ్‌కూ సీమ్‌కూ మధ్య Z ఆకారపు మూత ముక్కలు, పూర్తి షీట్ల మీద 27, సగం షీట్ల మీద మరో రెండు. ఇవి క్యాప్ అంచు నుంచి 20 మి.మీ. లోపలికి ఉంటాయి, కాబట్టి క్యాప్ కింద ఒక చీకటి గీత పడుతుంది. క్యాప్ 12.6 మీటర్ల ఏకముక్క కాదు. 2.6 మీటర్ల ముక్కలు ఐదు, 100 మి.మీ. లాప్‌తో. పడమటి ముక్క తూర్పు ముక్క మీదికి వస్తుంది, అంచు గాలికి ఎదురుగా ఉండకూడదు. లాప్ దగ్గర 0.6 మి.మీ. మెట్టు, రెండు రివెట్లు. మెట్టు చిన్నదే, కానీ ఎండ పడినప్పుడు అదే కంటికి ఆనుతుంది.

వ్యాలీ రేకు 600 మి.మీ. వెడల్పు, నడుమ 25 మి.మీ. ఎత్తు రెక్క. పైకి కనిపించేది రెక్కకు రెండు వైపులా 100 మి.మీ. చొప్పున, మిగతాది షీట్ల కిందికి పోతుంది. పొడవు 2.6 మీటర్లు. కప్పు 15 డిగ్రీలైనా వ్యాలీ వాలు 10.7 డిగ్రీలే, అందుకే నీరు ఇక్కడ నెమ్మదిస్తుంది, ఎర్రదుమ్ము ఇక్కడే ఆగుతుంది. దుమ్ము వేయాలనుకుంటే ఇక్కడా, కప్పు గోడను తాకే చోట నీరు దిగకుండా వేసే రేకు, అంటే గోడ ఫ్లాషింగ్, పక్కనా వేయండి. కప్పంతా పూసినట్టు వద్దు.

పడమటి గోడ దగ్గర 1వ సగం షీట్ నిలువుగా 100 మి.మీ. పైకి మడుస్తుంది. దాని మీద గోడలోంచి వచ్చే పై ఫ్లాషింగ్ 75 మి.మీ. దిగుతుంది. గోడలో కప్పు వాలుకు సమాంతరంగా 8 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతు గాడి కోసి, రేకు అంచును అందులో దూర్చి సీలెంట్ నింపుతాం. గోడ ప్లాస్టర్ గనుక మెట్లుమెట్లుగా వేయాల్సిన పని లేదు. మోడల్‌లో ఫ్లాషింగ్ గోడ లోపలికి వెళ్లినట్టు ఉండాలి, గోడ మీద అతికిన పట్టీలా కాదు. రెండు రేకుల మధ్య 5 మి.మీ. సందు వదలండి. గోడ ఫ్లాషింగ్ కింది చివర, గట్టర్ మొదలయ్యే చోట, రేకు బయటికి 30 మి.మీ. వంగి నీటిని గట్టర్‌లోకి తోస్తుంది. ఈ ముక్క మరిచిపోయిన ఇళ్లను ఆ గోడ మీద నిలువునా దిగిన పాకుడు మరకతో గుర్తుపట్టొచ్చు.

తూర్పు అంచు ట్రిమ్‌కు ముఖం 100 మి.మీ., కింద 10 మి.మీ. బయటి వంపు, అంచు మడత. అంతే.

గట్టర్ అర్ధ వృత్తం, 150 మి.మీ. వెడల్పు. దక్షిణం వైపు పోర్చ్‌కు అటూ ఇటూ 4.5 మీటర్ల ముక్కలు. వాలు 200కి 1: పోర్చ్ మూల నుంచి ఇంటి చివరకు 22 మి.మీ. దిగాలి. చూరు మాత్రం సమతలంగానే ఉంటుంది. అంటే చూరుకూ గట్టర్‌కూ మధ్య సందు ఒక చివర కంటే ఇంకో చివర పెద్దది. దీన్ని సరిచేయొద్దు, ఇదే నిజం. పోర్చ్ పక్కల 1.8 మీటర్ల గట్టర్లు లోపలి మూలకు వాలి, అక్కడ పెద్ద గట్టర్‌తో కలుస్తాయి. ఒక్కో డౌన్‌పైపుకు దాదాపు 40 చదరపు మీటర్ల కప్పు నీరు వస్తుంది. గంటకు 100 మి.మీ. వాన పడితే సెకనుకు 1.1 లీటర్లు, 100 మి.మీ. పైపుకు సులభంగా సరిపోతుంది. అనంతపురంలో ఏడాది వాన తక్కువే అయినా, పడినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

లోపలి మూలలో వ్యాలీ నీరంతా ఒకే ధారగా దూకుతుంది, మామూలు గట్టర్ అంచును దాటేస్తుంది. అందుకే అక్కడ గట్టర్ బయటి అంచు మీద 150 మి.మీ. ఎత్తు అడ్డురేకు, మూలకు రెండు వైపులా 300 మి.మీ. పొడవున.

బ్రాకెట్లు 4.5 మీటర్లకు 8: చివరల నుంచి 150 మి.మీ. వదిలి, నడుమ 600 దూరం. సీమ్‌లు 450కి వస్తాయి, బ్రాకెట్లు 600కి వస్తాయి, రెండూ ఒకే గీతలో ఉండవు. కాపీ చేసేటప్పుడు బ్రాకెట్లను సీమ్ కింద కలపొద్దు. గట్టర్ వెనక అంచు ముందు అంచు కంటే 10 మి.మీ. ఎత్తు. షీట్ కొస గట్టర్ లోపలికి 45 మి.మీ. వస్తుంది. డౌన్‌పైపుకు పైన రెండు మోచేతులు, గోడ నుంచి 30 మి.మీ. దూరంలో పట్టీలు, అడుగున కడప బండ మీద నీటిని బయటికి వదిలే షూ.

ఒక 110 మి.మీ. వెంట్ పైపు `PAN_S_23` నడుమ, చూరు నుంచి 4 మీటర్ల పైన లేస్తుంది. రబ్బరు బూటు అడుగు షీట్ వాలుకు అనుగుణంగా వంగి, చుట్టూ వాషర్ ఉన్న చిన్న స్క్రూలతో బిగిసి ఉంటుంది. స్క్రూలు పైకి కనిపించే చోటు ఇదొక్కటే. పైపును సీమ్ మీదికి జరపొద్దు, అక్కడ బూటు కూర్చోదు.

వెలుతురు: ఏప్రిల్ నెలాఖరులో, ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, సీమ్‌లకు నీడే పడదు. అక్టోబరు 15, ఉదయం 8.30 పెట్టండి. సూర్యుడు తూర్పు ఆగ్నేయంలో 32 డిగ్రీల ఎత్తున ఉంటాడు, దక్షిణం వాలు మీద 38 మి.మీ. సీమ్ పక్కన సుమారు 50 మి.మీ. నీడ పడుతుంది. నీడలు పడమటికి పడతాయి గనుక కెమెరా దక్షిణాన 14 మీటర్ల దూరంలో, పోర్చ్ మధ్య గీతకు కొంచెం పడమరగా, నేల నుంచి 7 మీటర్ల ఎత్తున. నీడ వెడల్పు 50కి చాలా అటూ ఇటూ వస్తే సీమ్ ఎత్తును గానీ తేదీని గానీ మళ్లీ చూసుకోండి. రెండో షాట్ లోపలి మూలది, వ్యాలీ అడుగు, అడ్డురేకు, మొదటి రెండు బ్రాకెట్లు ఒకే ఫ్రేమ్‌లో. రెండూ శుక్రవారం సాయంత్రంలోపు కావాలి, రంగులు వేయకముందు క్లే రెండర్ కూడా జత చేయండి.