ఏసీ మెయింటెనెన్స్ బిల్లు రూ. 41,300: టీడీఎస్ లెక్కకు మూడు వివరాలు కావాలి

మాధవి గారూ, నమస్తే.

కూకట్‌పల్లి బ్రాంచి బిల్లులో టీడీఎస్ ఎంత పట్టాలని అడిగారు. బిల్లు ఫొటోలో పైభాగం తెగిపోయింది. ఈ కిందివి పంపితే ఒకే జవాబులో కచ్చితమైన అంకె ఇస్తాను.

మొదటిది, ముఖ్యమైనది: కాంట్రాక్టరు పాన్. అందులో నాలుగో అక్షరం P లేదా H అయితే 1 శాతం, F, C లాంటివైతే 2 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పట్టాలి, ఆయనకు అది పెద్ద దెబ్బ. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే పాన్ విడిగా అడగక్కర్లేదు, 3వ అక్షరం నుంచి 12వ దాకా పానే.

రెండోది, జీఎస్టీ రూ. 6,300 బిల్లులో విడిగా చూపారా? చూపితే రూ. 35,000 మీదే లెక్క, అంటే రూ. 350 లేదా 700. మొత్తం కలిపి రాసుంటే రూ. 41,300 మీద.

మూడోది, అడ్వాన్సు ఏమైనా ఇచ్చారా? ఇస్తే తేదీ, మొత్తం, అప్పుడు టీడీఎస్ పట్టారో లేదో రాయండి. ఇవ్వకపోతే 'లేదు' అని రాస్తే చాలు, ఖాళీగా వదిలితే మళ్లీ అడగాల్సి వస్తుంది.

బిల్లు నాలుగు మూలలూ కనిపించేలా స్కాన్ చేసి, గురువారం మధ్యాహ్నం 3 లోపు పంపండి. అదే సాయంత్రం జవాబిస్తాను, శుక్రవారం పేమెంటు చేసేయొచ్చు. అప్పటిదాకా డబ్బు పంపకండి.

రమేశ్
అకౌంట్స్, సోమాజిగూడ