వానలు పడేలోపల చిత్తూరు ఇంట్లో చూడాల్సినవి

తమ్ముడూ, అక్టోబర్ వచ్చిందంటే మనకి ఈశాన్యం వానలు మొదలు, డిసెంబర్ దాకా వదలవు, 2021 నవంబర్‌లో ఎట్లా కొట్టిందో నీకే తెలుసు. ఈ ఆదివారం నువ్వు ఇంటికి పోతాండావు కదా, ఇవన్నీ చూసి టిక్ పెట్టి ఫోటోలు గ్రూప్‌లో వెయ్యి. ఇప్పుడే ఎందుకంటే, వారం పైనుంచి చినుకు లేదు, ఇప్పుడు కూడా గోడ తడిగా ఉందంటే అది వాన నీళ్లు కాకపోవచ్చు, పైపుదో ట్యాంకుదో అయ్యుంటాది. వానలు మొదలైనాక చూస్తే రెండూ కలిసిపోయి ఏది యాడ్నించి వస్తాందో మేస్త్రీకి కూడా తెలీదు. పోయినేడు వచ్చినాయన పెయింట్ కొట్టి దుడ్లు తీసుకుని పోయినాడు, చెమ్మ మాత్రం అట్లనే ఉంది.

మిద్దె మీద

☐ తూములు రెండూ. వేపాకు ఇరుక్కోని ఉంటాది, చేత్తో తీసి బకెట్ నీళ్లు పొయ్యి, కింద పైపులోంచి జోరుగా రావాల.

☐ తర్వాత ప్లాస్టిక్ కవర్‌లో గుడ్డ చుట్టి తూముల్లో కుక్కి, ఆడ రెండంగుళాలు నిలిచేదాకా నీళ్లు వదిలి ఒక రోజు ఉంచు. అంతకు మించి వద్దు, రెండంగుళాలకే చదరపు మీటరుకి 50 కేజీల బరువు, మనది పాత స్లాబు. కింద సీలింగ్‌లో తడి కనిపిస్తే చాక్‌పీస్‌తో చుట్టూ గీత గీసి పక్కన టైం రాయి, సాయంత్రానికి గీత దాటిందంటే లీకు ఖాయం. అయినాక గుడ్డలు తియ్యడం మర్చిపోవద్దురా.

☐ పిట్టగోడ స్లాబుకి ఆనే మూల, ట్యాంకు పైపు దిగే చోటు. పగుళ్లు ఎక్కువ ఈడే ఉంటాయి. పైపైన సిమెంటు పూస్తే ఎండకి మళ్లీ విడిపోతాది, పగులుని కొంచెం వెడల్పు చేసి దుమ్ము దులిపి క్రాక్ ఫిల్లర్ పెట్టమని చెప్పు.

☐ వరండా పెంకులు. కోతులు దూకి పగలగొట్టి ఉంటాయి, లోపల నిలబడి పైకి చూడు, యాడ వెలుతురు పడితే ఆడ నీళ్లూ పడతాయి.

గోడలు

☐ ముందు తూర్పు, ఉత్తరం గోడలు, మనకి జల్లు కొట్టేది ఎక్కువ ఆ పక్కనుంచే. కిటికీల మీద సన్‌షేడ్ గోడకి కలిసే సందు చూడు.

☐ నాయన రూంలో బీరువా వెనక. బీరువా జరిపి మరీ చూడు. తెల్లగా ఉప్పు పేలిందా, సున్నం పెచ్చులు ఊడతాండాయా? అడుగు చదరం ప్లాస్టిక్ షీట్ గోడకి ఆనించి నాలుగు పక్కలా టేపు గట్టిగా అంటించు, రెండ్రోజులు పోయినాక అమ్మ చూసి చెప్తాది. షీట్‌కి గోడ వైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచే వస్తాంది, బయటి వైపు ఉంటే గాలాడక రూంలో తేమ. ఆ గోడకి అవతల బాత్రూం ఉంది, నాకు అనుమానమంతా దాని మీదే. కారణం తేలేదాకా పెయింట్ మాట ఎత్తొద్దు.

కరెంటు

మెయిన్ ఆఫ్ చెయ్యకుండా ఏ బోర్డూ విప్పొద్దు, విప్పే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్. నువ్వు చూడాల్సింది ఇంతే:

☐ ప్లగ్గు పెడితే లూజుగా ఊగేవి, నల్లగా మాడినవి, చిటపట అనే స్విచ్‌లు. వంటింట్లో మిక్సీ ప్లగ్గు తప్పకుండా.

☐ షాక్ కొడితే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కు, టక్కున పడిపోవాల. పడలేదంటే అదే రోజు మార్పించు, 30 మిల్లీఆంపులది.

☐ మోటారు వైరు అతుకులు, గేటు లైటు. టేపు చుట్టి వదిలేసిన అతుకు వానలో పనికిరాదు.

☐ స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు వేప కొమ్మకి తగులుతాందేమో కింద నుంచే చూడు. కొమ్మ నువ్వు కొట్టొద్దు, నాయన్ని అసలే ఎక్కనియ్యొద్దు, 1912కి ఫోన్ చేసి లైన్‌మ్యాన్‌ని పిలువు.

☐ సీలింగ్ తడి ఫ్యాను దగ్గర కనిపిస్తే ఆ లైను ఎంసీబీ ఆఫ్ చేసి పెట్టు.

తలుపులు

☐ దేవుని రూం తలుపు, పెరటి తలుపు. వానకి ఉబ్బి పట్టేసేవి ఈ రెండే. ముందు బందుల స్క్రూలు బిగించు, సగం సార్లు తలుపు ఉబ్బడం కాదు, కిందికి జారి కడపకి రాసుకుంటాది. ఇంకా పడతాంటే సందులో కార్బన్ పేపర్ పెట్టి మూసి తెరువు, మరక పడిన చోటే రాసుకుంటాంది. ఆచారితో అంతవరకే పలచగా చిత్రిక పట్టించు. వానల్లో ఉబ్బినప్పుడు ఎక్కువ చెక్కిస్తే ఎండాకాలానికి వేలు దూరేంత సందు మిగుల్తాది.

☐ తలుపు పై అంచుకీ అడుగు అంచుకీ పెయింట్ ఉందా? ఎవురూ వెయ్యరు, కంటికి కనపడదు కదా. చెక్క తేమ పీల్చేది ఎక్కువ ఆడ్నించే. పెరటి తలుపు ఊడదీసి ఎండబెట్టి రెండు కోట్లు వేయించు.

☐ ద్వారబంధం అడుగున స్క్రూడ్రైవర్‌తో తట్టు, డొల్ల శబ్దం వచ్చినా మట్టి గీతలు కనిపించినా చెదలు.

మేస్త్రీ రేటు చెప్తే వెంటనే ఒప్పుకోవద్దు, నాకు ఫోన్ చెయ్. ఎలక్ట్రీషియన్‌ని మాత్రం ఆ రోజే పిలిపించు, దానికి బేరం వద్దు, దుడ్లు నేను ఫోన్‌పే చేస్తా.