మూడో వార్డు సిబ్బందికి

మూడో వార్డు సిస్టర్లకు, డాక్టర్లకు, ఆయమ్మలకు, వార్డు బాయ్‌లకు నమస్కారం.

న్యుమోనియాతో మీ దగ్గర 11 రోజులున్న 14వ బెడ్ పేషెంట్‌ని. ఇంటికొచ్చి నెలయింది. నిన్న రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కాను. ఆయాసం రాలేదు. వెంటనే మీరే గుర్తొచ్చారు.

మొదటి మూడు రాత్రులు పడుకుంటే ఊపిరాడేది కాదు. నైట్ డ్యూటీ సిస్టర్ మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ మాస్క్ సరిచేసి, వేలికి పెట్టిన మిషన్‌లో అంకె 94కి వచ్చేదాకా పక్కనే నిలబడ్డారు. "మీరు నిద్రపోండి, నేను చూస్తుంటాను" అన్నారు. ఆ మాటకే సగం టెన్షన్ పోయింది.

మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్చమంటే విసుక్కున్నాను, ఒకసారి కోప్పడ్డాను కూడా. క్షమించండి. ఫిజియోథెరపిస్ట్ గారు మాత్రం నవ్వుతూ మళ్లీ చేతికిచ్చారు. మూడో బంతి లేచిన రోజు పక్క బెడ్ల వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు!

నేను లేవలేనప్పుడు ఆయమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు, నాకు సిగ్గనిపించకుండా ఏవో కబుర్లు చెబుతూ. అది ఏ మందుల చీటీలోనూ ఉండదు. డాక్టర్ గారు ఎక్స్‌రే చూపించి మా అబ్బాయికి ఓపిగ్గా వివరించారు.

ఈ ఉత్తరం నోటీసు బోర్డుకు పెట్టినా, ఎవరికి చూపించినా నాకు సంతోషమే. ఆ బంతుల పరికరం ఇంట్లో ఇంకా వాడుతున్నానని ఫిజియోథెరపిస్ట్ గారికి చెప్పండి.

కృతజ్ఞతలతో,
మీ 14వ బెడ్