ఎముకలు, కీళ్లు, కండరాలు: చిన్న ప్రశ్నలు, జవాబులు

చాలా జవాబులు రెండు మూడు వాక్యాలతో సరిపోతాయి. 7, 8 ప్రశ్నలను మాత్రం బల్ల ముందు కూర్చుని, చేయి పెట్టి చూస్తూ చదవండి. ఆ రెండూ అర్థమైతే తర్వాతివాటికి కంఠస్థం అక్కర్లేదు.

1. పెద్దవారిలో ఎముకలు ఎన్ని? పసిబిడ్డలో ఎక్కువ ఎందుకు?
పెద్దవారిలో 206. పుట్టినప్పుడు 270 నుంచి 300 వరకు ఉంటాయి. ఎదిగేకొద్దీ కొన్ని కలిసిపోతాయి. నడుము కింది త్రికాస్థి చిన్నతనంలో ఐదు విడి పూసలు, పెద్దయ్యాక ఒకే ఎముక.

2. అతి పొడవైన ఎముక, అతి చిన్న ఎముక ఏవి?
తొడ ఎముక పొడవైనది. మధ్య చెవిలోని స్టేపిస్ చిన్నది, సుమారు 3 మి.మీ.

3. ఎముకల పనులేమిటి?
శరీరానికి ఆకారం, ఆధారం ఇవ్వడం. మెదడు, గుండె, ఊపిరితిత్తులను కాపాడడం. కండరాలకు పట్టు ఇవ్వడం. కాల్షియాన్ని నిల్వ చేయడం. రక్తకణాలు తయారయ్యేది ఎముక మజ్జలోనే. ఎముకను నిర్జీవ పదార్థమని రాయకండి. అందులో జీవకణాలు, రక్తనాళాలు ఉన్నాయి. విరిగిన ఎముక అతుక్కునేది వాటివల్లే.

4. కీళ్ల రకాలను ఉదాహరణలతో రాయండి.
బంతి గిన్నె కీలు: భుజం, తుంటి. మడతబందు కీలు: మోచేయి, తలుపులా ఒక తలంలోనే కదులుతుంది. బొంగరపు కీలు: మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య; తల అడ్డంగా ఊపేది దీనితోనే. జారెడు కీలు: మణికట్టులోని చిన్న ఎముకల మధ్య. కదలని కీళ్లు: పుర్రె ఎముకల మధ్య. కింది దవడ మాత్రం కదులుతుంది.

5. కదిలే కీలులో ఎముకలు ఒరుసుకుని ఎందుకు అరిగిపోవు?
ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పి ఉంచుతుంది. వాటి మధ్య సైనోవియల్ ద్రవం కందెనలా పనిచేస్తుంది.

6. టెండాన్‌కు, లిగమెంట్‌కు తేడా ఏమిటి?
టెండాన్ కండరాన్ని ఎముకతో కలుపుతుంది. లిగమెంట్ ఎముకను ఎముకతో కలుపుతుంది. మడమ వెనుక పట్టుకుంటే తాడులా గట్టిగా తగిలేది అకిలిస్ టెండాన్. ఈ రెండు పేర్లను తారుమారు చేయడం అందరూ చేసే పొరపాటు, జాగ్రత్త.

7. కండరాలు జతలుగా ఎందుకు పనిచేస్తాయి?
కండరం లాగగలదు, నెట్టలేదు. సంకోచించి ఎముకను ఒకవైపు లాగిన కండరం, దాన్ని తిరిగి వెనక్కి తోయలేదు. వెనక్కి లాగడానికి ఎదురువైపు మరో కండరం కావాలి. ఇలా ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో లాగే రెండింటిని వ్యతిరేక కండరాల జత అంటారు.

మరి తలుపును నెడుతున్నాం కదా అని అడగవచ్చు. అప్పుడు కూడా జరిగేది లాగడమే. చేయి వెనుకనున్న ట్రైసెప్స్ మోచేతి మొనను పైకి లాగుతుంది, దాంతో చేయి చాపుకుని తలుపు మీద ఒత్తిడి పడుతుంది.

8. మోచేయి వంచినప్పుడు, చాపినప్పుడు ఏం జరుగుతుంది?
వంచేటప్పుడు దండచేయి ముందున్న బైసెప్స్ సంకోచించి, ముంజేతిలోని రేడియస్ ఎముకను పైకి లాగుతుంది, ట్రైసెప్స్ సడలుతుంది. చాపేటప్పుడు ట్రైసెప్స్ సంకోచించి అల్నా ఎముకను లాగుతుంది, బైసెప్స్ సడలుతుంది.

చేసి చూడండి. అరచేతిని బల్ల కింద పెట్టి పైకి ఎత్తబోండి. రెండో చేత్తో తడిమితే బైసెప్స్ రాయిలా, ట్రైసెప్స్ మెత్తగా ఉంటాయి. ఇప్పుడు అరచేతిని బల్ల మీద పెట్టి కిందికి నొక్కండి. గట్టిదనం వెనక్కి మారుతుంది. బల్ల ఎందుకంటే, బరువు పట్టుకున్న చేతిని మెల్లగా దించేటప్పుడు ట్రైసెప్స్‌కు పెద్దగా పని ఉండదు. దించే పని భూమ్యాకర్షణదే, బైసెప్స్ బిగువుగానే ఉండి మెల్లగా వదులుతుంది.

9. ఒకటి సంకోచిస్తే రెండోది తనంతట తానే సడలుతుందా?
లేదు. వెన్నుపాములోని నాడులు ఒకదానికి సంకోచించమని సంకేతం పంపుతూనే రెండోదాని సంకేతాన్ని తగ్గిస్తాయి.

10. రెండూ ఒకేసారి సంకోచించవా?
సంకోచిస్తాయి. కీలును కదలకుండా బిగించాలంటే రెండూ కలిసే లాగాలి. పిడికిలి బిగించి మోచేయిని సగం వంచి గట్టిగా నిలిపితే రెండు వైపులా బిగుసుకోవడం తెలుస్తుంది.

11. మరో రెండు జతలు చెప్పండి.
తొడ ముందున్న క్వాడ్రిసెప్స్ మోకాలిని చాపుతుంది, వెనుకనున్న హామ్‌స్ట్రింగ్స్ వంచుతాయి. ఎముక లేనిచోట కూడా జత ఉంటుంది: కంటిపాపను వలయ కండరాలు చిన్నది చేస్తే, కిరణాకార కండరాలు పెద్దది చేస్తాయి.

12. వేళ్లను వంచే కండరాలు ఎక్కడ ఉన్నాయి?
వేళ్లలో లేవు. ముఖ్యమైనవి ముంజేతిలో ఉండి, పొడవైన టెండాన్లతో వేళ్లను లాగుతాయి. ముంజేతిని పట్టుకుని వేళ్లు ఆడించండి, చర్మం కింద అవి కదలడం తగులుతుంది.