తిరగరాసిన పేరా: గురువుగారి పరిశీలనకు

హైదరాబాద్,
జూన్ 12

గురువుగారికి నమస్కారాలు.

నా సిద్ధాంత వ్యాసం రెండో అధ్యాయంలో మీరు వెనక్కి పంపిన పేరాను మళ్లీ రాశాను. అంచున పెన్సిల్‌తో "ఇది నా పేరాయే, బట్టలు మార్చావంతే" అని రాశారు. ఆ రోజు చాలా చిన్నతనమనిపించింది. తర్వాత మీ సదస్సు పత్రాన్నీ నా పేరానూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ మాటలో ఒక్క ముక్క కూడా ఎక్కువ లేదు. మళ్లీ వెతుక్కునే పని లేకుండా మీ పేరా ముందు ఇస్తున్నాను:

"ద్రావిడ భాషల్లో తెలుగును ప్రత్యేకంగా నిలిపే లక్షణాల్లో వర్ణవ్యత్యయం ప్రధానమైనది. మూల ద్రావిడ పదాలు ర, ల, డ, ళ, ఴ వంటి ధ్వనులతో మొదలయ్యేవి కావు. ధాతువులోని హ్రస్వాచ్చు తర్వాత ఈ ధ్వనుల్లో ఒకటి, దాని తర్వాత మరొక అచ్చు ఉన్నప్పుడు ఆ రెండచ్చులూ కలిసి హల్లుకు ఆవలికి జరగడం వల్ల తెలుగులో పదాది ర, ల, డలూ పదాది సంయుక్తాక్షరాలూ చాలావరకు ఏర్పడ్డాయి. తమిళ ఉరల్, మరమ్, ఇరణ్డు శబ్దాలతో తెలుగు రోలు, మ్రాను, రెండు శబ్దాలను పోల్చితే ఈ మార్పు స్పష్టమవుతుంది. కాలక్రమంలో ఈ సంయుక్తాల్లోని రేఫ లోపించి మ్రాను మానుగా, క్రొత్త కొత్తగా మారాయి."

దానికి నేను మొదట రాసింది ఇలా మొదలయింది: "ద్రావిడ కుటుంబంలో తెలుగును వేరుగా చూపే గుణాల్లో అక్షరాల తారుమారు ముఖ్యమైనది. ఆది ద్రావిడ మాటలు ర, ల, డ వంటి వాటితో ప్రారంభమయ్యేవి కావు. క్రియలోని పొట్టి అచ్చు తర్వాత వీటిలో ఒకటి వచ్చి, దాని వెనక ఇంకో అచ్చు ఉంటే, అవి కలిసి అటువైపు జరిగి తెలుగులో మాట మొదటి ర, ల, డలు ఏర్పడ్డాయి."

వాక్యానికి వాక్యం మీ వరసే. అది ఒక తప్పయితే, మార్చిన చోటల్లా అర్థం చెడగొట్టడం ఇంకో తప్పు. మీరు చెప్పింది ధ్వనుల సంగతి. నేను 'అక్షరాల'న్నాను, అది లిపి సంగతైపోయింది. మీ 'ధాతువు'ను 'క్రియ' చేశాను, కానీ రోలు, మ్రాను నామవాచకాలు కదా! అన్నిటికన్నా పెద్ద పొరపాటు 'చాలావరకు' ఎగిరిపోవడం. ఆ ఒక్క మాట లేకపోతే తెలుగులో మాట మొదట ర ఉన్న ప్రతి పదమూ ఇలాగే పుట్టిందని నేను వాదించినట్టవుతుంది. రాజు, లోకం లాంటి సంస్కృత పదాలే నన్ను పట్టిచ్చేవి.

ఈసారి మీ పత్రం మూసేసి, ఇంట్లో అమ్మకు ఈ విషయం చెప్పాను. అమ్మ చెన్నైలో పెరిగింది, తమిళం ధారాళంగా మాట్లాడుతుంది. అంతా విని, "ఉరల్ రోలయితే ఇరణ్డు రేండు కావాలిగా, రెండెందుకయింది?" అంది. జవాబు చెప్పలేకపోయాను. అప్పటిదాకా నాకు ఆ సూత్రం కంఠతా వచ్చుగానీ అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. రెండు రోజులు భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథంతో కూర్చున్నాక, పత్రం తెరవకుండానే ఇది రాశాను:

"తమిళుడు ఉరల్ అనే వస్తువును తెలుగువాడు రోలంటాడు. లేతదనాన్ని చెప్పే తమిళ ఇళమ్‌కు తెలుగులో సాటి లేత. తమిళంలో ముందున్న అచ్చు తెలుగులో హల్లును దాటి వెనక్కి వెళ్లింది, వెళ్లి అక్కడున్న అచ్చుతో కలిసిపోయింది. ఆ కలయికకు ఒక పద్ధతి ఉంది: ఉకార అకారాలు కలిస్తే ఓ (రోలు), ఇకార అకారాలు కలిస్తే ఏ (లేత), రెండు అకారాలు కలిస్తే ఆ (మరమ్‌కు సాటి అయిన మ్రాను). వెంటనే జంట హల్లు ఉంటే మాత్రం దీర్ఘం నిలవదు, అందుకే ఇరణ్డుకు తెలుగు రూపం రెండు. అచ్చుకు ముందు మరో హల్లుంటే అది ఈ కొత్త ర పక్కకు చేరి జంటవుతుంది: పొఴుదుకు ప్రొద్దు, విఴుఙ్గుకు మ్రింగు అలా వచ్చినవే. మూల ద్రావిడంలో మాట మొదట నిలవని ర, ల, డలకూ, జంట హల్లులకూ తెలుగులో చోటు దొరకడానికి చాలావరకు ఈ వర్ణవ్యత్యయమే కారణం, ఇది తెలుగుకున్న ముఖ్యమైన ప్రత్యేకతల్లో ఒకటి (గురువుగారి సదస్సు పత్రం, భద్రిరాజు కృష్ణమూర్తి 1961). పాత నిషేధం తమిళంలో ఎంత బలంగా ఉండేదో ఎరువు మాటలు చెబుతాయి: రాముడు అక్కడ ఇరామన్, రంగడు అరంగన్. తెలుగులోనూ ఆ జంటలు కలకాలం నిలవలేదు. ర జారిపోయి ఇవాళ మనం పొద్దు, మింగు, మాను అంటున్నాం."

'గురువుగారి సదస్సు పత్రం' అన్నచోట మీ పేరూ సంవత్సరమూ పద్ధతి ప్రకారం చేరుస్తాను. మాటలు నావే అయినా వాదన మీది, కృష్ణమూర్తిగారిది, కాబట్టి ఆ ప్రస్తావన తీసేయాలన్న ఆలోచన నాకు లేదు. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం దాకా పోలికకు శిక్ష లేదని హాస్టల్లో అందరూ ధైర్యం చెప్పారు. మొదటి పేరా ఆ లెక్కలో గట్టెక్కేదేమో, అయినా మీ వాక్యాల మీద నా పేరు పెట్టుకుని తిరగడం నాకు ఇష్టం లేదు.

మీ మాటల్లో కావాలనే వదలకుండా ఉంచినవి 'వర్ణవ్యత్యయం', 'చాలావరకు' అనే రెండూ. మొదటిది శాస్త్రంలో స్థిరపడ్డ పేరు, దానికి పర్యాయపదం వెతకడమే నా పాత తప్పు. ఉరల్, మరమ్, ఇరణ్డు కూడా మీ పత్రంలోవే. అచ్చులు కలిసే పద్ధతి చూపడానికి మూడూ కావలసి వచ్చాయి. ఇళమ్, పొఴుదు, విఴుఙ్గు నేను చేర్చినవి. ఇరామన్, అరంగన్ వాక్యం మీ పత్రంలో లేదు, అదీ మీ మాటేనని చదివేవాళ్లు పొరబడకుండా దాన్ని ప్రస్తావన తర్వాత పెట్టాను. 'ధాతువు' అసలు వాడలేదు. ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్లాక దాని అవసరం రాలేదు. ఉండి తీరాలని మీకు అనిపిస్తే చెప్పండి, ఒక వాక్యం కలుపుతాను.

చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. 'రేఫ లోపించి' అన్నారు మీరు, నేనూ అదే అర్థం ఉంచాను. కానీ వకారం ఉన్న జంటల్లో రెండు దారులు కనిపిస్తున్నాయి. తమిళ విరల్‌కు సాటి అయిన వ్రేలు ర పోగొట్టుకుని వేలయింది. తమిళ వరైకి సాటి అయిన వ్రాయులో పోయింది వకారం, ఇవాళ మనం రాయడం అంటున్నాం. మీ పేరాకు నా మాటల్లో రూపమిస్తున్నప్పుడు మీరు అనని దాన్ని మీ నోట పెట్టకూడదు కనుక పేరాలో దీన్ని కలపలేదు. దీన్ని నా పేరున కింద అధోజ్ఞాపికగా ఇవ్వనా, లేక నాలుగో అధ్యాయం దాకా ఆపనా? గురువారం మీరు డిపార్ట్‌మెంట్‌కు వచ్చేసరికి రెండు విధాలుగానూ ప్రింట్ తీసి ఉంచుతాను.

మీ విద్యార్థిని