మామా, మన ట్రావెల్స్ ‘మా గురించి’ తగ్గించి రాసినా, చూడు

మామా, నువ్వు పంపించిన "మా గురించి" మొత్తం చదివినా, ఒకసారి కాదు రొండు సార్లు. ప్రింటు తీస్తే మూడు పేజీలు వచ్చింది. అందులో "ఆయన", "వారు", "శ్రీవారి కృపతో వారు" అని నీ గురించి 41 చోట్ల ఉండాది, ఊరికే అనలేదు, పెన్సిలు పెట్టి లెక్కేసినా. "మీరు" అనే మాట మాత్రం ఒక్కసారే ఉండాది, అదీ యాడంటే "మీరు చూస్తున్న ఈ ఫోటోలో శాలువా కప్పించుకుంటున్నది వారే" అనే కాడ.

రాసిచ్చిన మాస్టారు మంచిగానే రాసినాడు, తెలుగు బాగుండాది, నేను కాదన్లే. కానీ అది షష్టిపూర్తి సన్మాన పత్రం మాదిరి ఉండాది కదా. మొదలు ఎట్లుందో నువ్వే చూడు:

"చిత్తూరు జిల్లాలోని ఒక మారుమూల గ్రామమున నిరుపేద రైతు కుటుంబంలో జన్మించిన వారు చిన్ననాటి నుండే క్రమశిక్షణ, దైవభక్తి, పట్టుదల అలవరచుకొని, పదవ తరగతి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై, కుటుంబ పరిస్థితుల రీత్యా చదువు మానవలసి వచ్చినను అధైర్యపడక, తల్లిగారి మెడలోని బంగారు గొలుసు తాకట్టుపై తొలి అంబాసిడర్ కారును కొనుగోలు చేసి..."

ఇట్లా పోతానే ఉండాది. బండ్లు ఎన్ని ఉండాయి, రేటు ఎంత, ఫోన్ ఎవురు ఎత్తుతారు అనేది చివరి పేరాలో రొండు లైన్లు.

ఇప్పుడు దీన్ని చదివేది ఎవురో అనుకో. తెల్లారి నాలుగుకి రేణిగుంటలో రైలు దిగినాడు, ఒక భుజాన పిల్లోడు నిద్రపోతా ఉండాడు, పక్కన మోకాళ్ళ నొప్పితో వాళ్ళమ్మ బ్యాగు మీదే కూర్చోనుండాది, స్టేషన్ బయట నలుగురు "తిరుమలా తిరుమలా" అని బ్యాగు లాగతా ఉండారు, వాడు ఒక చేత్తో ఫోన్ తీసి మన పేరు చూసినాడు. వాడికి నీ పదో తరగతి మార్కులు ఎందుకు చెప్పు. వీళ్ళు ఎంత అడుగుతారు, మధ్యలో మోసం చేస్తారా, అమ్మని జాగ్రత్తగా ఎక్కిస్తారా, అంతే వాడికి కావాల్సింది.

అందుకని నీ కథలో వాడికి పనికొచ్చేది మటుకు పట్టుకొని మిగతాది తీసేసినా. నువ్వు పంతొమ్మిదేళ్ళు సొంతంగా ఘాట్ మీద బండి తోలినావు కదా, అది నీ గొప్ప మాదిరి రాస్తే ఎవురూ చదవరు, అందువల్ల మన డ్రైవర్లకి నువ్వు పెట్టిన రూలు ఏందో రాస్తే ఆ పెద్దామెకి ధైర్యంగా ఉంటాది. కింద మొత్తం ఉండాది, ఇదే పెడదాం అనుకుంటా ఉండా.

మా గురించి

తిరుపతికి వచ్చేవాళ్ళు మమ్మల్ని ముందు అడిగేది ఒకటే, మొత్తం ఎంత అవుతుంది, మధ్యలో మళ్ళీ ఇంకేమన్నా అడుగుతారా అని. అడగం. మీరు బుక్ చేయగానే మీ వాట్సాప్‌కి ఒక మెసేజ్ వస్తుంది, అందులో బండి నంబరు, డ్రైవరు పేరు, ఆయన ఫోన్ నంబరు, మొత్తం రేటు ఉంటాయి. డీజిల్, టోల్, పార్కింగ్, డ్రైవరు బత్తా అన్నీ ఆ రేటులోనే. దిగేటప్పుడు ఆ మెసేజ్ చూసి అంతే ఇవ్వండి, పైన టీ ఖర్చులు అని ఎవరన్నా అడిగితే ఇవ్వొద్దు, మాకు ఒక ఫోన్ కొట్టండి.

మీ రైలు నంబరు చెప్తే చాలు, రైలు రెండు గంటలు లేటయినా బండి అక్కడే ఉంటుంది, దానికి వెయిటింగ్ చార్జీ లేదు. రేణిగుంట, తిరుపతి రెండు స్టేషన్లకీ, రేణిగుంట ఎయిర్‌పోర్టుకీ, బస్టాండుకీ వస్తాం. డ్రైవరు మీ పేరు రాసిన అట్ట పట్టుకుని బయటికి వచ్చే దారిలోనే నిలబడతాడు, మీరు బ్యాగులు మోసుకుంటూ పార్కింగ్ అంతా వెతుక్కోవాల్సిన పని లేదు.

పెద్దవాళ్ళు వస్తుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎత్తు తక్కువ బండి పంపుతాం, ఎక్కడానికి చిన్న పీట ఒకటి ప్రతి బండిలో ఉంటుంది. మడత పెట్టే వీల్‌చైర్ ఉంటే ఇన్నోవా తీసుకోండి, చిన్న కారు డిక్కీలో వీల్‌చైర్ పెడితే మీ సామాన్లకి చోటు ఉండదు, తర్వాత మీరే ఇబ్బంది పడతారు.

ఘాట్ రోడ్డు మలుపులకి చాలామందికి కడుపులో తిప్పుతుంది, పిల్లలకి మరీను. కొండ ఎక్కే ముందు కడుపు నిండా తినిపించకండి, ముందు సీటులో కూర్చోబెట్టండి, ఆపమంటే ఆపడానికి వీలున్న చోట డ్రైవరు ఆపుతాడు, విసుక్కోడు. బండిలో కాగితం కవర్లు ఉంటాయి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ బాటిళ్ళు ఒప్పుకోరు కాబట్టి ఇంటి నుంచే స్టీలు బాటిల్ తెచ్చుకోండి. అలిపిరి దగ్గర అందరూ దిగాలి, బ్యాగులన్నీ చెకింగ్ చేస్తారు, సిగరెట్లు, మందు, మాంసం లాంటివి ఉంటే అక్కడే ఆపేస్తారు.

నడిచి ఎక్కే మొక్కు ఉంటే అలిపిరి దగ్గర గానీ శ్రీవారి మెట్టు దగ్గర గానీ దించుతాం. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,400 లోపే, కానీ ఆ తక్కువ మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ళు చూసుకుని నిర్ణయించుకోండి. నడవలేనివాళ్ళు బండిలో పైకి వచ్చేస్తారు, మీరు ఎక్కి వచ్చే చోట అందరినీ కలుపుతాం.

రాత్రంతా బండి తోలిన డ్రైవరుని పొద్దున ఘాట్ ఎక్కించం. ఈ ట్రావెల్స్ పెట్టిన మనిషి 19 ఏళ్ళు ఇదే ఘాట్ మీద సొంతంగా బండి నడిపాడు, నిద్ర కళ్ళతో మలుపు తిప్పడం ఎంత ప్రమాదమో ఆయనకి తెలుసు, అందుకే ఈ రూలు. బండ్లు లేక మీ బుకింగ్ వదులుకోవాల్సి వచ్చినా దీన్ని మాత్రం తప్పం.

అయిదు సీట్ల కారులో శ్రీకాళహస్తి వెళ్ళి రావడానికి 2,200, కాణిపాకం వెళ్ళి రావడానికి 3,200 రూపాయలు. రెండూ ఒకే రోజు కావాలంటే 4,800, కానీ కాళహస్తి ఒక దిక్కు, కాణిపాకం ఇంకో దిక్కు, చిన్నపిల్లలు ఉంటే రెండు రోజులు పెట్టుకోండి అనే మేము చెప్తాం. కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకునేవాళ్ళు పొద్దున్నే బయల్దేరితే మంచిది. తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట కలిపి ఒక పూటలో చూడొచ్చు.

దర్శనం టికెట్లు మేము అమ్మం, ఇప్పించం. టికెట్ ఇప్పిస్తాం డబ్బులు పంపండి అని మా పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా అది మేము కాదు. టికెట్లు దేవస్థానం వెబ్‌సైట్లోనే తీసుకోండి, మీ టికెట్ టైంకి పైన ఉండేటట్టు బండి పంపడం మా పని.

కింద వాట్సాప్ గుర్తు నొక్కితే మా ఆఫీసులో మనిషే మాట్లాడతాడు, తెల్లవారుజామున మూడున్నరకి కూడా. తెలుగు, తమిళం, హిందీ, కన్నడం వస్తాయి.

అంతే మామా. మూడు పేజీలు ఒక పేజీకి వచ్చింది. నీ గురించి మిగిలింది ఆ ఒక్క ముక్కే, పేరు కూడా వెయ్యలే. కోపం వస్తాదని తెలుసు. శాలువా ఫోటో, క్లబ్బోళ్ళు ఇచ్చిన షీల్డు, ఎమ్మెల్యే పక్కన నిలబడిండే ఫోటో మూడూ ఆఫీసులో గోడకి పెట్టు, అక్కడికి వచ్చినోళ్ళు కాఫీ తాగతా చూస్తారు, అక్కడ దానికి విలువ ఉంటాది.

అవ్వ గొలుసు కథ తీసేటప్పుడు మాత్రం నాకూ చెయ్యి రాలే. రొండు సార్లు పెట్టి రొండు సార్లు తీసినా. అది మనింటి కథ మామా, తాకట్టు విడిపించిన రోజు అవ్వ ఆ గొలుసు మళ్ళీ వేసుకోకుండా అత్త మెడలో వేసిందని మా అమ్మ ఎన్ని సార్లు చెప్పిండాదో. మాస్టారు దాన్ని "బంగారు గొలుసు తాకట్టుపై" అని బ్యాంకు నోటీసు మాదిరి రాసేసినాడు. దాన్ని వేరేగా నేను సరిగ్గా రాసిస్తా, అబ్బోడి పెండ్లప్పుడు చదువుదాం, రేణిగుంటలో రైలు దిగినోడికి వద్దు.

ఇంకో సంగతి. పాత దాంట్లో "అత్యుత్తమ సేవలు, సరసమైన ధరలు, ప్రయాణికుల సంతృప్తే మా ధ్యేయం" అని ఉండె, అది రాసినందుకు ఎవురూ నిన్ను నిలదీయలేరు, ఎందుకంటే అందులో ఏమీ లేదు. ఇప్పుడు నేను రాసింది అట్ల కాదు, ప్రతి లైనూ ఒక మాట ఇచ్చినట్టే. పార్కింగ్ రేటులోనే అని రాసినాక మన డ్రైవరు ఎవుడన్నా కాణిపాకంలో నూర్రూపాయలు అడిగినాడంటే, వాళ్ళు ఈ పేజీనే ఫోటో తీసి రివ్యూలో పెడతారు. అందుకని పెట్టేముందు డ్రైవర్లందరినీ ఆదివారం పొద్దున పిలిచి ఇది చదివి వినిపించు. పీటలు నాలుగు బండ్లలోనే ఉండాయి, ఇంకా మూడు కొనాలి, కొనేదాకా ఆ "ప్రతి బండిలో" అనే మాట పెట్టను.

నాకు డౌటు ఉండేది ఒకటే. కాళహస్తిలో రాహుకేతు పూజకి రద్దీ రోజుల్లో టైం చాలా పట్టేస్తాది, మన రేటు ఎన్ని గంటలకి? నువ్వు ఫోన్లో ఒకసారి ఆరు గంటలు అన్నావు, ఆఫీసులో పిల్లోడు అయిదు అంటా ఉండాడు. రాయకపోతే గొడవ అక్కడే వస్తాది. గంటలు ఎన్నో, దాటితే గంటకి ఎంతో ఈ రాత్రికి చెప్పు, రేటు లైను పక్కనే వేస్తా.