శిశు వికాసం – పెడగాజీ: సిద్ధాంతాలు, తరగతి గది సన్నివేశాలు
(డీఎడ్ రెండో సంవత్సరం, టెట్ పేపర్–1 రివిజన్ నోట్స్)

టెట్‌లో 150 ప్రశ్నలుంటే 30 ఈ సబ్జెక్టువే. దశల పేర్లు, వయసులు ఎలాగూ బట్టీ పట్టేశారు. మార్కులు పోయేది సన్నివేశ ప్రశ్నల్లో. అందులో నాలుగు ఆప్షన్లూ మంచి టీచరు చేసే పనుల్లాగే కనబడతాయి. అందుకని ప్రశ్న చదవగానే "ఇది ఎవరి సిద్ధాంతం" అని వెతక్కండి. పిల్లవాడు ఏమన్నాడు, ఎందుకన్నాడు అన్నది ముందు పట్టుకోండి. పేపర్–1 పిల్లల వయసు 6 నుంచి 11. అంటే పియాజే లెక్కలో పూర్వ ప్రచాలక దశ చివర, మూర్త ప్రచాలక దశ మొత్తం. సన్నివేశాలన్నీ ఈ గీతకి అటూ ఇటూనే తిరుగుతాయి.

పియాజే

ఇంద్రియ చాలక దశ (0–2): వస్తు స్థిరత్వం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.
పూర్వ ప్రచాలక దశ (2–7): అహం కేంద్రవాదం, సర్వాత్మవాదం, ఏకమితి, పదిలపరచుకునే భావన లేకపోవడం, విపర్యయాత్మక ఆలోచన లేకపోవడం. ప్రశ్నల గని ఇదే.
మూర్త ప్రచాలక దశ (7–11): పై లోపాలు సర్దుకుంటాయి. కాకపోతే చేతికి అందే వస్తువు ఉండాలి.
నియత ప్రచాలక దశ (11 పైన): "ఒకవేళ ఇలా అయితే" అనే పరికల్పన ఆలోచన.

సన్నివేశం 1. ఒకటో తరగతి, మధ్యాహ్న భోజనం. చిక్కీలు పంచారు. ఒకడి చిక్కీ చేతిలోనే రెండు ముక్కలైంది. పక్కవాడు ఏడుపు ముఖంతో వచ్చి, "సర్, వాడికి రెండిచ్చారు, నాకు ఒక్కటే" అన్నాడు. మీరేం చేస్తారు?
1) ఇంకో చిక్కీ ఇస్తారు
2) "రెండూ సమానమే, వెళ్ళి తిను" అంటారు
3) ఆ రెండు ముక్కలనీ కలిపి వాడి చిక్కీ పక్కన పెట్టించి, "ఇప్పుడు చెప్పు" అంటారు
4) వయసు వస్తే వాడికే తెలుస్తుందని వదిలేస్తారు

జవాబు 3. పిల్లవాడు ముక్కల సంఖ్య ఒక్కదాన్నే చూస్తున్నాడు, అది ఏకమితి. ముక్కల్ని వెనక్కి కలిపితే మొదటి చిక్కీయే అవుతుందన్నది తట్టలేదు, అది విపర్యయ లోపం. పియాజేని బాగా చదివినవాళ్ళే 4 పెట్టి దెబ్బ తింటారు. దశ రాకముందు తొందరపెట్టొద్దన్నాడే తప్ప అనుభవం ఇవ్వొద్దని ఆయన అనలేదు. ఒక్క మాట: ముక్కలు కలిపి చూపించినా వాడు "అయినా వాడివి రెండే" అనొచ్చు. నాతో అలాగే అన్నాడు ఒకడు. అది మీ వైఫల్యమూ కాదు, వాడి మొండితనమూ కాదు.

సాంశీకరణం, అనుగుణ్యత విషయంలో గందరగోళం ఎక్కువ. ఆవు తెలిసిన పిల్లవాడు గేదెని చూసి "నల్లావు" అంటే సాంశీకరణం: కొత్తదాన్ని పాత స్కీమాలో ఇరికించాడు. "ఇది ఆవు కాదు, గేదె" అని స్కీమానే మార్చుకుంటే అనుగుణ్యత. ఈ ఉదాహరణ అరిగిపోయింది, ఇప్పుడు లెక్కల్లోంచి అడుగుతున్నారు.

సన్నివేశం 2. ఐదో తరగతి పాప "0.5 కన్నా 0.25 పెద్దది, ఎందుకంటే ఐదు కన్నా ఇరవైఐదు పెద్దది" అంది.
ఇది అజాగ్రత్త కాదు. పూర్ణసంఖ్యల స్కీమాతో దశాంశాల్ని చదువుతోంది, అంటే సాంశీకరణం. నియమాన్ని పదిసార్లు రాయించే ఆప్షన్ తప్పు. వంద గళ్ళ కాగితం మీద 0.5కి యాభై గళ్ళు, 0.25కి ఇరవైఐదు గళ్ళు రంగు వేయించి పోల్చమనే ఆప్షన్ ఒప్పు. తన జవాబుకీ కంటికి కనబడేదానికీ పొంతన కుదరక అసమతుల్యత పుడుతుంది. స్కీమా మారేది అక్కడే.

వైగాట్‌స్కీ

పిల్లవాడు ఒంటరిగా చేయగలిగినదానికీ, తెలిసినవాళ్ళ సాయంతో చేయగలిగినదానికీ మధ్య ఉన్నది సామీప్య వికాస మండలం. స్కఫోల్డింగ్ అన్న మాట వైగాట్‌స్కీది కాదు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడారు. "ఎవరి పదం" అని అడిగితే జాగ్రత్త.

సన్నివేశం 3. మూడో తరగతి. అప్పు తీసుకోనక్కర్లేని తీసివేతలు చకచకా చేసే అబ్బాయి 52 – 27 కి 35 రాశాడు.
1) మళ్ళీ పాత లెక్కలే ఎక్కువగా ఇవ్వడం
2) బోర్డు మీద చేసి చూపించి, ఎక్కించుకోమనడం
3) పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఇచ్చి, "రెండులోంచి ఏడు తీయగలవా? ఏం చేద్దాం?" అనడం
4) బాగా చేసే పిల్లవాడి పక్కన కూర్చోబెట్టి వాడిది చూసి రాయమనడం

ముందు 35 ఎలా వచ్చిందో చూడండి. ఒకట్ల స్థానంలో ఏడులోంచి రెండు తీశాడు, పెద్దదాంట్లోంచి చిన్నది. జవాబు 3: కట్ట విప్పే పని వాడి చేతిలోనే ఉంది, టీచరు ప్రశ్న మాత్రమే ఇచ్చారు. 4లో తోటివాడి సాయం ఉందని వైగాట్‌స్కీ గుర్తొచ్చి చాలామంది దానికి వెళ్తారు. చూసి రాయడంలో సంభాషణ ఎక్కడుంది? ఇదే సన్నివేశం కొనసాగించి "తర్వాత ఏం చేస్తారు" అంటే, పుల్లలు తగ్గిస్తూ పోవడమే జవాబు. ఊత తీయకపోతే అది స్కఫోల్డింగ్ కాదు.

లెక్క చేస్తూ తనలో తాను గొణుక్కునే పిల్లవాణ్ణి "నోరు మూసుకుని చెయ్" అనకూడదు. పియాజే దాన్ని అహం కేంద్రిత భాషణం అన్నాడు. వైగాట్‌స్కీ దృష్టిలో అది తనకి తాను దారి చెప్పుకోవడం, పోనుపోను అంతర్భాషణంగా మారుతుంది.

ఇంట్లో గోండి మాట్లాడే పాప తెలుగు ప్రశ్నకి మౌనంగా ఉంటే "గ్రహణశక్తి తక్కువ" అనే ఆప్షన్ కొట్టేయండి. గోండిలోనే చెప్పనిచ్చి, తెలిసిన పిల్లల చేత తెలుగులోకి తెప్పించే ఆప్షన్ పెట్టండి.

ఎరిక్‌సన్

ఎనిమిది దశల్లో మీకు పనికొచ్చేవి మూడు. అంగన్‌వాడీలో నాలుగేళ్ళ పాప అందరికీ నీళ్ళు పోస్తానని సగం కింద పోస్తే అది చొరవ; కసిరితే అపరాధ భావన. నాలుగో తరగతి అమ్మాయి చదవడంలో వెనకబడి, పేరు పిలవగానే "కడుపు నొప్పి టీచర్" అంటే శ్రమశీలత – న్యూనతా భావం. ఆమెకి చదవగలిగిన రెండు వాక్యాలు ముందే ఇచ్చి, మర్నాడు వాటినే చదివించడం ఒప్పు. "చూడు, నీ చెల్లెలు ఎంత బాగా చదువుతుందో" అన్నది ఏ ప్రశ్నలో వచ్చినా తప్పే. తొమ్మిదో తరగతి అబ్బాయి నెలకో జుట్టు స్టైలు మారిస్తే పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం.

కోల్‌బర్గ్

చేసిన పని చూడొద్దు, చెప్పిన కారణం చూడండి. నలుగురు పిల్లలు కాపీ కొట్టలేదు:
"దొరికితే సర్ తిడతారు" – శిక్ష, విధేయత.
"నేను చూపిస్తే వాడేం చూపిస్తాడు, ఏమీ లేదు" – ఇచ్చిపుచ్చుకోవడం.
"టీచర్ నన్ను మంచి పిల్ల అనుకుంటారు" – మంచి బాలిక.
"పరీక్షలో కాపీ వద్దన్నది రూలు, అందరికీ రూలే" – సాంఘిక క్రమం.
మొదటి రెండూ పూర్వ సాంప్రదాయ స్థాయి, తర్వాతి రెండూ సాంప్రదాయ స్థాయి. ఉత్తర సాంప్రదాయ స్థాయి ప్రాథమిక పాఠశాల సన్నివేశంలో జవాబు కావడం అరుదు. అబ్బాయిల మీద చేసిన అధ్యయనంతో నిర్మించాడన్న విమర్శ కెరోల్ గిల్లిగన్‌ది.

ఆప్షన్లు కొట్టేసేటప్పుడు

విద్యా హక్కు చట్టం, 2009, సెక్షన్ 17: శారీరక దండన, మానసిక వేధింపు నిషేధం. మోకాళ్ళ మీద నిలబెట్టడం, క్లాసు ముందు నవ్వులపాలు చేయడం, రెండూ దీని కిందికే వస్తాయి. సిద్ధాంతం గుర్తురాకపోయినా ఆ ఆప్షన్ ఎగిరిపోతుంది.

అలాగని ప్రతి సన్నివేశానికీ సిద్ధాంతం అతికించకండి. చివరిగా ఇది చూడండి. రెండో తరగతి పాప నోటి లెక్కలన్నీ కరెక్టుగా చెబుతుంది. బోర్డు మీదవి రాసుకుంటే మాత్రం 8ని 3గా, 6ని 0గా ఎక్కిస్తుంది, కళ్ళు చికిలించి చూస్తుంది. ఆప్షన్లు: డిస్కాలిక్యులియా, ఏకమితి లోపం, న్యూనతా భావం, దృష్టి సమస్య. మొన్నటి మాక్ టెస్టులో మీలో సగానికి పైగా డిస్కాలిక్యులియా పెట్టారు. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, తల్లికి చెప్పి కళ్ళు పరీక్ష చేయించాలి.